స్కూటరు పెట్రోలు ఎక్కడికి పోతున్నది?

స్కూటరు ఉన్నవారు నలుగురు కూడిన చోట "మీ బండి ఎంత ఇస్తున్నది?" అన్న ప్రశ్న రాక మానదు. ఒకరు లీటరుకు 55 అంటారు. ఒకరు 45 అంటారు. మూడవవారు తమ బండి 38 దాటడం లేదని నిట్టూరుస్తారు. ఆ మూడు బండ్లూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాది కొన్నవి కూడా కావచ్చును. అట్టి సందర్భంలో ముగ్గురూ తప్పు పట్టేది బండినో, బంకునో, మెకానిక్కునో. పెట్రోలు నిజంగా ఎక్కడ ఖర్చవుతున్నదో తెలుసుకుంటే ఈ ముగ్గురిలో ఎవరినీ నిందించవలసిన అవసరం చాలావరకు ఉండదు.

మాట తేటగా ఉండడానికి ఒక బండిని ఉదాహరణగా తీసుకుందాము. అది గేర్లు లేని 110 సి.సి. స్కూటరు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తరువాత తయారైనది కాబట్టి, దానికి కార్బురేటరు బదులు పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టరు ఉన్నది. దాని యజమాని హైదరాబాదులో ఎల్.బి. నగరు నుంచి లకడీకాపూలులోని ఆఫీసుకు పోయి వస్తాడు. దిల్‌సుఖ్‌నగరు, మలక్‌పేట, చాదర్‌ఘాటు మీదుగా పోను సుమారు 14, రాను 14, వెరసి దినానికి 28 కిలోమీటర్లు. దారిలో సిగ్నళ్ళు, బస్సులు, అడ్డదిడ్డంగా తిరిగే ఆటోలు అందరికీ తెలిసినవే. నెలకు 25 పనిదినాలు వేసుకుంటే 700 కిలోమీటర్లు తిరుగుతాడు. లీటరుకు 40 కిలోమీటర్లు వస్తున్నవని అతని అంచనా. దానిని 45కు తేవడం సాధ్యమా అన్నది మన ప్రశ్న.

అన్నిటికంటే ముందు ఆ 40 అన్న అంకె నిజమో కాదో తేల్చుకోవాలి. చాలామంది వంద రూపాయల పెట్రోలు పోయించి, మళ్ళీ ముల్లు కిందికి దిగేదాకా ఎంత తిరిగిందో చూసి లెక్క కడతారు. ముల్లు అంత నమ్మకమైన సాక్షి కాదు. సరైన పద్ధతి ట్యాంకు నింపి కొలవడం. బండిని సెంటరు స్టాండు మీద నిలబెట్టి, బంకులోని గొట్టం దానంతట అది మొదటిసారి ఆగేదాకా నింపించి, మీటరులోని కిలోమీటర్లు రాసుకోవాలి. మళ్ళీ నింపించినప్పుడు అదే బంకులో, అదే తీరున నింపించి, ఎన్ని లీటర్లు పట్టిందో రాసుకోవాలి. తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది. గొట్టం ఆగిన తరువాత మూతిదాకా కుక్కి పోయించడం మాత్రం పనికిరాదు. ఇప్పటి బండ్లలో పెట్రోలు ఆవిరిని పట్టే చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. అందులోకి ద్రవం పోతే అది చెడిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. ఎంత జాగ్రత్తగా నింపినా ఒకసారికీ ఒకసారికీ రెండు వందల మిల్లీలీటర్ల తేడా రావచ్చును. మనం నింపింది రెండు లీటర్లే అయితే ఆ తేడా నూటికి పది పాళ్ళు. అంటే 40 ఇచ్చే బండి 44 ఇచ్చినట్లో, 36 ఇచ్చినట్లో కనిపిస్తుంది. వరుసగా మూడుసార్లు నింపిన పెట్రోలును, అంటే ఇంచుమించు పన్నెండు లీటర్లను, కలిపి లెక్క వేస్తే అదే తేడా నూటికి రెండు పాళ్ళ లోపునకు దిగుతుంది. కాబట్టి ఒక్క ట్యాంకు లెక్క చూసి సంతోషించడం గాని, విచారించడం గాని తగదు.

ఇక పెట్రోలు ఖర్చు సంగతి. మన ఉదాహరణలోని బండీ మనిషీ కలిసి సుమారు 180 కిలోల బరువు. నిలబడి ఉన్న ఇంత బరువును గంటకు 40 కిలోమీటర్ల వేగానికి తేవడానికి కొంత శక్తి కావాలి. పెట్రోలులోని శక్తిలో ఆరవ వంతు మాత్రమే చక్రాన్ని చేరుతున్నదని వేసుకుంటే, ఒక్కసారి 40 వేగం అందుకోవడానికి రెండు మిల్లీలీటర్ల పెట్రోలు పడుతుంది. అదే 50 వేగం అందుకోవాలంటే మూడుంబావు మిల్లీలీటర్లు కావాలి. వేగం నాలుగింట ఒక వంతే పెరిగినా ఖర్చు సగానికి పైగా పెరిగింది. ఎందుకంటే కదిలే వస్తువులోని శక్తి వేగాన్ని బట్టి కాక వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇలా కూడబెట్టిన శక్తి బ్రేకు నొక్కగానే వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్ళీ తిరిగి రాదు.

మన ఉద్యోగి దారిలో పోను ఇరవై, రాను ఇరవై సార్లు ఆగుతాడనుకుందాము. ప్రతిసారీ ఎదుట సిగ్నలు ఎర్రగా ఉన్నా 50 దాకా దూకించి చివరలో బ్రేకు వేసే అలవాటు అతనికి ఉన్నదనుకుందాము. ఆ దూకుడు మాని 40తో సరిపెట్టుకుంటే ఆగిన ప్రతిచోటా ఒక మిల్లీలీటరుకు పైగా మిగులుతుంది. దినానికి నలభై ఎనిమిది మిల్లీలీటర్లు. అతని దినసరి ఖర్చు ఏడు వందల మిల్లీలీటర్లు కాబట్టి, ఇది నూటికి సుమారు ఏడు పాళ్ళు. దీనివల్ల ఆఫీసుకు ఆలస్యమవుతుందా అంటే, సిగ్నలు వద్ద ముందుగా చేరి ఎక్కువసేపు నిలబడేవాడూ, కొంత తరువాత చేరి తక్కువసేపు నిలబడేవాడూ పచ్చదీపం పడగానే కలిసే బయలుదేరుతారు. అందువల్ల పొదుపు సూత్రం నిదానంగా పోవడం కాదు. బ్రేకు వేయవలసిన చోటును ముందే పసిగట్టి యాక్సిలరేటరు వదలడం. ఎంత తక్కువ బ్రేకు వేశామో అంత పెట్రోలు మిగిలినట్లు లెక్క.

గేర్లు లేని స్కూటరులో గేరు మార్చే పని మన చేతికి లేదు గాని, దాని నిర్ణయం మన చేతిలోనే ఉన్నది. ఇంజను పక్కనున్న వేరియేటరు అనే చక్రంలో చిన్న బరువులు ఉంటవి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి అంచువైపు జరిగి బెల్టును పైకి నెడతవి. అదే గేరు పెరగడం. యాక్సిలరేటరును ఒక్కసారి పూర్తిగా తిప్పితే ముందు ఇంజను రొద పెరుగుతుంది, బండి వేగం తరువాత అందుకుంటుంది. ఆ మధ్యకాలమంతా చిన్న గేరులో నడిచినట్లే. మెల్లగా, ఆగకుండా తిప్పుతూ పోతే రొదా వేగమూ కలిసి పెరుగుతవి. ఈ తేడాను చెవితోనే గుర్తించవచ్చును.

మరొక సంగతి. బండి పూర్తిగా కదలకముందు క్లచ్చి సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. ఎత్తు మీద బ్రేకు వేయక యాక్సిలరేటరుతోనే బండిని నిలబెట్టేవారు, రద్దీలో అడుగడుగుకూ రవ్వంత తిప్పి వదిలేవారు పెట్రోలుతో క్లచ్చిని కాల్చుకుంటున్నారన్నమాట. ఎత్తు మీద బ్రేకుతో ఆపి, ముందు నాలుగు గజాల చోటు ఏర్పడిన తరువాత ఒకేసారి కదలడం మేలు.

నిలబడి ఉన్నప్పుడు ఖర్చు సంగతి కూడా చూద్దాము. ఇంజను ఊరకే తిరుగుతుంటే 110 సి.సి. బండి నిమిషానికి రెండు, మూడు మిల్లీలీటర్లు తాగుతుంది. ఒక నిమిషం నిలబడడమూ, ఒకసారి ఆగి 40 వేగానికి రావడమూ ఇంచుమించు సమానమే. సిగ్నలు పక్కన సెకండ్లు చూపే గడియారం ఉన్నచోట, అరనిమిషం మించి ఆగవలసి ఉంటే ఇంజను ఆపడం లాభం. వేడెక్కిన ఇంజెక్టరు బండిని మళ్ళీ అంటించడానికి పట్టే పెట్రోలు లెక్కలోనిది కాదు. బ్యాటరీ ముసలిదైతే, సెల్ఫ్ స్టార్టరు ఒక్క నొక్కుకు అందుకోకపోతే మాత్రం ఈ పద్ధతి మానుకోవడం మంచిది. పెట్రోలు మీద మిగిలినది బ్యాటరీకి పెట్టవలసి వస్తుంది.

ఇప్పుడు టైర్ల వద్దకు వద్దాము. టైరు నేలను తాకిన చోట నొక్కుకుని, ముందుకు పోగానే మళ్ళీ ఉబ్బుతుంది. రబ్బరు నొక్కుకోవడానికి పట్టిన శక్తినంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మింగుతుంది. గాలి తగ్గితే నొక్కుకునే భాగం పెరుగుతుంది, మింగేదీ పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండిని వెనక్కు పట్టేది ముఖ్యంగా ఎదురుగాలి. ఊరిలో నడిచే 40 వేగంలో ఆ ఎదురుగాలి సగానికంటే తక్కువకు దిగిపోతుంది. అప్పుడు మొత్తం నిరోధంలో టైర్ల వంతు మూడవ వంతుకు తక్కువ కాదు. కాబట్టి ఆఫీసులకు తిరిగే బండికి టైరులోని గాలి చిన్న విషయం కాదు.

ఎంత గాలి ఉండాలన్నది బండి మీది చీటీలోనూ, దానితో ఇచ్చిన పుస్తకంలోనూ రాసి ఉంటుంది. ఈ తరగతి స్కూటర్లు చాలావాటికి ముందు చక్రంలో చదరపు అంగుళానికి 22 పౌనులు, వెనుక చక్రంలో ఒంటరిగా పోయేటప్పుడు 29, వెనుక మనిషి కూర్చుంటే 36 పౌనులు ఉంటుంది. మీ బండి చీటీలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. వెనుక చక్రంలో 29 ఉండవలసిన చోట 20 ఉంటే నూటికి మూడు, నాలుగు పాళ్ళు పెట్రోలు అదనంగా ఖర్చవుతుంది. చేతితో నొక్కి చూసి, కాలితో తన్ని చూసి ఈ తేడా కనిపెట్టడం సాధ్యం కాదు. ఒక చిన్న గేజీ కొని ఇంట్లో ఉంచుకోవాలి.

గాలిని కొలిచే వేళ కూడా ముఖ్యమే. నడిచిన టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే వెనుక టైరులో సుమారు ఒకటిన్నర పౌను పెరుగుతుంది. మన ఉద్యోగి సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, టైరు ఇరవై డిగ్రీలు వేడెక్కిన తరువాత బంకులో 29 పట్టించుకున్నాడనుకుందాము. మరునాడు తెల్లవారి చల్లబడిన టైరులో ఉండేది 26 మాత్రమే. అందుచేత ఉదయం బయలుదేరక ముందు కొలిచి, ఎన్ని పౌనులు తక్కువైనదో గుర్తుంచుకుని, దగ్గరి బంకులో అంతమేర కలిపించుకోవాలి. పదిహేను రోజులకొకసారి చూస్తే చాలు. ఆ వ్యవధిలో ఒక చక్రం మాత్రమే నాలుగైదు పౌనులు తగ్గితే అది సహజంగా తగ్గినది కాదు. మేకో, వాల్వు లోపమో ఉన్నట్లే.

ఇక్కడొక హెచ్చరిక. గాలి ఎక్కువైతే మైలేజీ ఇంకా పెరుగుతుందని చీటీలోని అంకెను మించి నింపేవారు ఉన్నారు. పెరిగే మాట కొంత నిజమే. కాని టైరు నేలను పట్టే చోటు తగ్గుతుంది. వానకు తడిసిన సిమెంటు రోడ్డు మీద, మ్యాన్‌హోలు మూతల మీద బ్రేకు వేసినప్పుడు ఆ తగ్గిన పట్టు తెలిసివస్తుంది. చెంచాడు పెట్రోలు కోసం పడవలసిన ముప్పు కాదది.

మూడవది గాలి ఫిల్టరు. ఈ విషయంలో పాత బండికీ కొత్త బండికీ చాలా భేదమున్నది. కార్బురేటరు ఉన్న బండిలో ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే లోపలికి వచ్చే గాలి తగ్గుతుంది గాని పెట్రోలు ఆ మేరకు తగ్గదు. మిశ్రమం చిక్కబడి, పొగ నల్లబడి, మైలేజీ పడిపోతుంది. స్పార్కు ప్లగ్గు ఊడదీస్తే కొన మీద మసి కనిపిస్తుంది. ఇంజెక్టరు బండిలో సెన్సర్లు గాలిని గమనిస్తూ, తగ్గిన గాలికి తగినట్లు పెట్రోలును తగ్గిస్తవి. అమెరికాలో 2009లో కార్లపై జరిగిన పరీక్షలలోనూ ఇదే తేలింది: ఇంజెక్టరు కార్లలో మూసుకుపోయిన ఫిల్టరు వలన కారు జోరు తగ్గింది గాని, మైలేజీలో చెప్పుకోదగిన మార్పు రాలేదు. అందువల్ల కొత్త స్కూటరులో ఫిల్టరు మార్చగానే లీటరుకు ఐదు కిలోమీటర్లు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవలసిన పనిలేదు.

అట్లని ఫిల్టరును అశ్రద్ధ చేయరాదు. అది కాపాడేది ముందు ఇంజనును, తరువాతే పెట్రోలును. గాలి బాగా ఆడుతుందని ఫిల్టరు తీసివేసి నడిపితే రోడ్డు మీది ఇసుక పొడి సిలిండరులో చేరి, పిస్టను రింగులను సానరాయిలా అరగదీస్తుంది. ఆ నష్టం నెల తిరిగేలోగా తెలియదు. ఏడాదికి ఆయిలు తాగే బండిగా తెలుస్తుంది.

ఫిల్టరులో ఏ రకం ఉన్నదో తెలుసుకుని దానికి తగిన సేవ చేయాలి. నూనె పట్టించిన కాగితపు ఫిల్టరు ఇప్పటి స్కూటర్లు చాలావాటిలో ఉన్నది. అది చూడడానికి జిడ్డుగా, మురికిగా ఉంటుంది. ఆ జిడ్డే దుమ్మును పట్టేది. దానిని గాలి కొట్టి శుభ్రం చేస్తే నూనె ఎగిరిపోయి కాగితం చిల్లులు పడవచ్చును. పుస్తకం చెప్పిన దూరం రాగానే దానిని మార్చడమే గాని, కడిగేది లేదు. కొత్తగా వేస్తున్న రోడ్ల మీద, కంకర మిల్లుల పక్కన తిరిగేవారు ఆ గడువుకు ముందే మార్చాలి. పొడి కాగితపు రకమైతే లోపలినుంచి బయటికి మెల్లగా గాలి పట్టించవచ్చును. బయటినుంచి కొడితే దుమ్ము మరింత లోపలికి పోతుంది. స్పాంజి రకమైతే సబ్బు నీళ్ళలో కడిగి, మెలిపెట్టక రెండు అరచేతుల మధ్య నొక్కి పిండి, నీడన ఆరబెట్టి, పుస్తకంలో చెప్పిన నూనెలో తడిపి, మిగులు పిండివేసి బిగించాలి. ఏ రకమైనా, తిరిగి బిగించేటప్పుడు దాని అంచు గాడిలో సరిగా కూర్చున్నదో లేదో చూడాలి. అంచు పక్కనుంచి పోయే గాలి వడపోత లేని గాలే.

ఇప్పుడు మన ఉదాహరణను పూర్తి చేద్దాము. ఇక్కడ ఒక నియమం పాటించాలి: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. మూడూ ఒకేసారి చేస్తే దేనివల్ల ఎంత వచ్చిందో తెలియదు. మొదట ఏ మార్పూ లేకుండా మూడు ట్యాంకులు: 504 కిలోమీటర్లకు 12.6 లీటర్లు, అంటే సరిగ్గా 40. తరువాత ఉదయాన కొలిచి చూడగా వెనుక టైరులో 21, ముందు టైరులో 17 పౌనులే ఉన్నవి. వాటిని 29కి, 22కు తెచ్చి మరి మూడు ట్యాంకులు: 515 కిలోమీటర్లకు 12.4 లీటర్లు. 41.5 వచ్చింది. మూడవ విడతలో చేతి అలవాటు మార్చుకున్నాడు. 555 కిలోమీటర్లకు 12.2 లీటర్లు, 45.5. నాలుగవ విడతలో ఫిల్టరు మార్చాడు. 562 కిలోమీటర్లకు 12.3 లీటర్లు, 45.7. ఈ కడపటి రెండు పదవ వంతులూ కొలతలోని తేడాలో కలిసిపోయేవే గాని నిజమైన పెరుగుదల కాదు. ఇవి ఒక బండి రికార్డు నుంచి తీసినవి కావు. ఇంతకుముందు చెప్పిన లెక్కల ప్రకారం రాగల అంకెలు. మీ పుస్తకంలో ఇతర అంకెలు పడవచ్చును, కాని వరుస ఇదే కాగలదు.

నెలకు 700 కిలోమీటర్లు తిరిగేవారికి 40 మీద 17.5 లీటర్లు కావాలి. 45.5 మీద 15.4 లీటర్లు చాలు. నెలకు రెండు లీటర్లు, ఏడాదికి పాతిక లీటర్లు. స్కూటరు ట్యాంకు ఐదు లీటర్లు పడుతుంది గనుక, ఏడాదిలో ఐదు ట్యాంకులు మిగిలినట్లు. జీతం ఒకటవ తారీఖున లెక్కపెట్టుకునే ఇంటికి ఇది చులకన కాదు.

ఇంతా చేసినా మైలేజీ కదలకపోతే అప్పుడు బండిని అనుమానించవచ్చును. సెంటరు స్టాండు వేసి, ఇంజను ఆపి, ఒక్కొక్క చక్రాన్ని నేలకు అంటకుండా చేసి చేతితో తిప్పి చూడండి. బిగువుగా తిరిగినా, కొద్ది దూరం నడిపిన తరువాత ఒక బ్రేకు డ్రమ్ము రెండవ దానికంటే బాగా కాలినా, బ్రేకు వదలకుండా రాచుకుంటున్నదన్నమాట. ఇంజను రొద పెరిగినా వేగం మునుపటంత రాకపోతే బెల్టు అరిగి ఉండవచ్చును. ఈ రెండూ మెకానిక్కుకు చూపించవలసినవి. మిగిలినదంతా ఒక గేజీతో, ఒక చిన్న నోటు పుస్తకంతో, కుడిచేతి మణికట్టుతో అయ్యే పని.